"ఈ మాట రాయొద్దక్కా": పీర్ సపోర్ట్ వర్కర్ల శిక్షణలో హద్దులు, నోట్స్, సొంత ఆరోగ్యం

రాజోలు దగ్గర ఒక లంక ఊళ్లో, పెంకుటింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. చిన్నావిడకు 29 ఏళ్లు. లోపల అత్తగారు కొబ్బరి తురుముతున్న చప్పుడు వింటూ, గొంతు తగ్గించి అంటుంది: "మూడు రోజులైందక్కా మాత్రలు మానేసి. ఎవరికీ తెలీదు. నువ్వు ఆ పుస్తకంలో రాయొద్దు."

పెద్దావిడకు 41. ఆమెను సత్యవతి అందాం, చిన్నావిడను నాగమణి అందాం. ఇద్దరూ, ఈ సంఘటనా ఉదాహరణ కోసం అల్లినవే. కానీ మానసిక ఆరోగ్య సేవల్లో పీర్ సపోర్ట్ వర్కర్‌గా కొన్నాళ్లు చేసినవాళ్లకు ఈ మాట ఏదో ఒక అరుగు మీద ఎదురవుతుంది. హద్దులు, తన ఆరోగ్యం తను చూసుకోవడం, నోట్స్ రాయడం. శిక్షణలో మూడు పాఠాలుగా చెప్పే ఈ విషయాలు ఆ ఒక్క మాట దగ్గర కలిసి వచ్చి నిలబడతాయి. అందుకే ఆ శిక్షణలో ఏముంటుందో, ఏది ఎందుకు ఉంటుందో ఈ అరుగు దగ్గర నుంచే చూద్దాం.

పీర్ అంటే ఎవరు, ఎవరు కారు

పీర్ అంటే తోటివాళ్లు. తను స్వయంగా మానసిక జబ్బుతో బతికి, కోలుకుంటూ, ఆ అనుభవాన్నే పనిముట్టుగా చేసుకుని ఇంకొకరికి తోడు నిలిచే వ్యక్తి పీర్ సపోర్ట్ వర్కర్. సత్యవతి తన ఇరవైల్లో రెండుసార్లు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. ఆ సంగతి నాగమణికి తెలుసు. ఈ పనికి అదే అర్హత.

ఆమె కౌన్సెలర్ కాదు, నర్సు కాదు, ఆశా కార్యకర్త కాదు. జబ్బు ఏమిటో తేల్చదు, మందు పెంచమనీ తగ్గించమనీ చెప్పదు. అలాగని ఊరికే పలకరించి పోయే చుట్టమూ కాదు. ఇది ఉద్యోగం. దీనికి వేళలున్నాయి, పైన సూపర్‌వైజర్ ఉన్నారు, రాయాల్సిన పుస్తకం ఉంది.

అమెరికాలో జార్జియా రాష్ట్రం 1999లో ఈ పనికి ప్రభుత్వ వైద్య పథకం నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఇది గుర్తింపున్న ఉద్యోగంగా పాకింది. మన దేశంలో గుజరాత్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇలాంటి వలంటీర్లను తయారుచేశారు. ఒకరికొకరు తోడుండే ఈ పద్ధతి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో శిక్షణ పుస్తకం కూడా తెచ్చింది. అయితే మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో ఈ ఉద్యోగానికి విడిగా నిర్వచనం లేదు. కాబట్టి ఎవరు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది పనిలో పెట్టుకున్న సంస్థే కాగితం మీద స్పష్టంగా పెట్టాలి. ఆ కాగితం లేకుండా శిక్షణ మొదలుపెడితే హద్దుల పాఠం గాల్లోనే ఉండిపోతుంది.

పది రోజుల శిక్షణ అనుకుంటే

మొదటి రెండు రోజులు పాత్ర గురించి. తర్వాత మూడు రోజులు హద్దులు, రహస్యం. రెండు రోజులు తన ఆరోగ్యం. రెండు రోజులు నోట్స్. చివరి రోజు అన్నీ కలిపి వేషాలు కట్టి చేసే సాధన. కాగితం మీద ఈ విభజన బాగానే కనిపిస్తుంది.

నా అభిప్రాయంలో ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. నోట్స్‌ను చివర్లో, ఫారం నింపే పనిలా నేర్పుతారు. అప్పటికి జనం అలిసిపోయి ఉంటారు. నిజానికి ఏం రాస్తామో తెలిస్తేనే, ఏం రహస్యంగా ఉంచగలమో ఎదుటివాళ్లకు మాట ఇవ్వగలం. హద్దుల పాఠం చెప్పిన మధ్యాహ్నమే పుస్తకం తెరిచి రాయించాలి. నాగమణి అడిగిన మాటకు జవాబు ఆ రెండు పాఠాల మధ్యలో ఉంది.

రహస్యం చెప్పకముందే చెప్పాల్సిన మాట

హద్దు అంటే గోడ కట్టడం కాదు. ఏటిగట్టు లాంటిది. గట్టు ఎక్కడుందో ఇద్దరికీ ముందే తెలియాలి, వరద వచ్చాక వెతుక్కోవడం కుదరదు.

అందుకే మొదటిసారి కలిసిన రోజే, ఇంకా ఏ కష్టమూ చెప్పుకోకముందే సత్యవతి ఒక మాట చెప్పి ఉండాలి. శిక్షణలో దీన్ని ఎవరి యాసలో వాళ్లు బిగ్గరగా పలికేలా సాధన చేయిస్తారు. దాదాపు ఇలా ఉంటుంది: "నువ్వు నాతో చెప్పింది మీ ఇంట్లోవాళ్లకి చెప్పను, ఊళ్లో చెప్పను. మా టీమ్‌లో డాక్టరు గారికీ, మా సూపర్‌వైజర్ గారికీ అవసరమైనంత వరకు తెలుస్తుంది. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, లేదా పిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే మాత్రం నేను చెప్పి తీరాలి. అలా చెప్పాల్సి వస్తే వీలైనంత వరకు ముందు నీకే చెప్తాను."

దీని వెనక చట్టం ఉంది. 2017 చట్టంలోని 23వ సెక్షన్ తన జబ్బు, వైద్యం వివరాలు గోప్యంగా ఉండే హక్కు ఇస్తుంది. అదే సెక్షన్ మినహాయింపులూ చెబుతుంది. వైద్యం అందించడానికి చికిత్స చేసే వృత్తి నిపుణులతో వివరాలు పంచుకోవడం, ఇంకొకరికి హాని జరగకుండా ఆపడం, ప్రాణాపాయాన్ని తప్పించడం అందులో ఉన్నాయి. పిల్లల మీద లైంగిక నేరం సంగతి తెలిస్తే ఫిర్యాదు చేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. అక్కడ పీర్ వర్కర్‌కు ఎంచుకునే వీలు లేదు.

ఇప్పుడు మాత్రలు మానేయడం ఏ కోవలోకి వస్తుంది? చిక్కంతా ఇక్కడే. మందు మానుకున్నంత మాత్రాన ప్రాణాపాయం అని ఎవరూ అనలేరు. చాలామంది ఒకటి రెండు రోజులు మరిచిపోతారు, కొందరు కావాలనే మానేస్తారు. కానీ చట్టం టీమ్‌తో పంచుకోవడానికి ఒప్పుకుంటోంది కదా అని నాగమణి నోరు విప్పగానే ఫోన్ తీసి డాక్టరుకు చెప్పేస్తే, ఆమె ఇంకెప్పుడూ నోరు విప్పదు. చట్టం అనుమతించిన పనంతా ఈ పాత్రకు సరిపోయే పని కాదు.

అరుగు మీద ముప్పావు గంట

సత్యవతి "రాయను" అని మాట ఇవ్వదు. "తప్పకుండా రాయాల్సిందే" అనీ అనదు. ముందు ఎందుకు మానేశావని అడుగుతుంది.

నాగమణికి రాసిచ్చింది లిథియం, మనసు మరీ ఎగసిపోకుండా, మరీ కుంగిపోకుండా నిలిపే మందు. చేతులు వణుకుతున్నాయి. నిన్న చుట్టాల ముందు మజ్జిగ గ్లాసు ఒలికింది. ఊరికే దాహం, రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోంది. "అత్తగారు నా చేతులకేసే చూస్తున్నారక్కా." వణుకు, దాహం, ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లడం ఈ మందుతో తరచూ కనిపించేవే. రక్తపరీక్ష చేసి, మోతాదు సర్ది, డాక్టరు వీటిని తగ్గించగలరు. కానీ ఆ సంగతి డాక్టరుకు చేరాలి కదా.

ఇక్కడ సత్యవతిని రెండు తప్పుదార్లు లాగుతాయి. ఒకటి, "మళ్లీ వేసుకో తల్లీ, లేకపోతే ముదురుతుంది" అని బెదిరించడం. ఇంకోటి, "నేనూ మానేశాను, నాకేం కాలేదు" అనడం. రెండూ మందు గురించిన సలహాలే. శిక్షణలో సొంత అనుభవం చెప్పేముందు వేసుకోమనే ప్రశ్నలు మూడున్నాయి. ఈ కథ ఆమెకు పనికొస్తుందా, లేక నా గుండె బరువు దించుకోవడానికా? రెండు నిమిషాల్లో చెప్పగలనా? ఇది మానిన గాయమేనా, ఇంకా పచ్చిగా ఉందా?

సత్యవతి చెప్పేది చిన్నది. "నాకూ ఒక మందు పడలేదు నాగమణీ. డాక్టరు గారు కోప్పడతారని రెండు నెలలు చెప్పలేదు. తర్వాత ఓ చీటీ మీద రాసుకెళ్లి ఇచ్చాను, నోటితో చెప్పడం రాక." మందు పేరు చెప్పలేదు, మోతాదు చెప్పలేదు, మానేస్తే ఏమైందో చెప్పలేదు. చెప్పడం ఎలా మొదలైందో మాత్రమే చెప్పింది. తోటివాళ్లు మాత్రమే ఇవ్వగలిగింది అదే.

తర్వాత నిద్ర గురించి అడుగుతుంది. "మూడు గంటలు పడుకుంటున్నానేమో. అయినా అలుపు లేదు, ఇల్లంతా సర్దేశాను" అంటుంది నాగమణి. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. నిద్ర తగ్గి అలుపు లేకపోవడం దానికి తొలి గుర్తుల్లో ఒకటి కావచ్చు. అవునో కాదో సత్యవతి తేల్చకూడదు. కానీ ఈ రెండూ కలిసి కనిపించాక విషయం తన దగ్గరే పెట్టుకోనూ కూడదు. "చచ్చిపోవాలని గానీ, నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలని గానీ అనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడగకపోతేనే ఉన్న ఆలోచన లోపల ఉండిపోతుంది. నాగమణి "అయ్యో, అదేం లేదక్కా" అంటుంది.

అప్పుడు సత్యవతి చెప్పేది ఇది: "మీ అత్తగారికి చెప్పను. మా సూపర్‌వైజర్ మేడమ్‌కి మాత్రం ఈ రోజే చెప్పాలి, నిద్ర లేదంటున్నావు కాబట్టి. ఏం చెప్తానో ఇప్పుడే నీ ముందు రాస్తాను, చూడు. డాక్టరు గారికి నువ్వే చెప్తావా, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామా?" నాగమణికి కోపం వస్తుంది. కాసేపు మాట్లాడదు. తర్వాత "ఇద్దరం చేద్దాం, నువ్వు మొదలుపెట్టు" అంటుంది. ఆ మౌనాన్ని తట్టుకుని కూర్చోవడం శిక్షణలో నేర్పే కష్టమైన విద్యల్లో ఒకటి. నచ్చజెప్పడం మొదలుపెడితే అది ఒత్తిడి అయిపోతుంది.

ఒకే సంగతి, మూడు నోట్సులు

ఇదే సందర్భాన్ని శిక్షణలో ఇచ్చి రాయమంటే మొదట్లో వచ్చేవి రెండు రకాలు.

ఒకటి: "కలిశాను. బాగానే ఉంది. ధైర్యం చెప్పాను." దీంతో ఎవరికీ ఉపయోగం లేదు. రేపు సత్యవతి సెలవులో ఉంటే వచ్చే మనిషికి ఏమీ తెలియదు.

రెండోది: "పేషెంట్ మందులు మానేసింది, సహకరించడం లేదు. మానియా మొదలైంది. అత్తగారి వేధింపులు ఉన్నాయి." ఇది మొదటిదానికన్నా ప్రమాదం. "సహకరించడం లేదు" అన్నది తీర్పు. "మానియా", అంటే మనసు అదుపు లేకుండా ఎగసిపోయే దశ, అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. అత్తగారు చేతులకేసి చూస్తున్నారని నాగమణి అంది, వేధిస్తున్నారని అనలేదు. ఒకసారి ఫైలులో పడ్డ మాట ఏళ్ల తరబడి ఆమె వెంట తిరుగుతుంది. పైగా అదే చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం తన వైద్య రికార్డులు చూసుకునే హక్కు ఆమెకు ఉంది. రేపు చదివితే ఆమెకు తన మాటలు కనపడాలి.

అరుగు మీద నాగమణి చూస్తుండగా సత్యవతి రాసింది ఇది:

"ఉదయం 10:40 నుంచి 11:25 వరకు, ఇంటి దగ్గర. 3 రోజులుగా లిథియం వేసుకోవడం లేదని నాగమణి చెప్పింది. కారణం: 'చేతులు వణుకుతున్నాయి, దాహం, రాత్రి లేవాల్సి వస్తోంది.' రోజూ సుమారు 3 గంటలు పడుకుంటున్నానని, అలుపు లేదని చెప్పింది. మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి వణకడం నేను చూశాను. చనిపోవాలనే ఆలోచన ఉందా అని అడిగాను, లేదంది. ఇద్దరం కలిసి 11:15కి క్లినిక్‌కి ఫోన్ చేశాం, రేపు ఉదయం రమ్మన్నారు. ఇంట్లోవాళ్లకు చెప్పవద్దని కోరింది. సూపర్‌వైజర్‌కి ఈ రోజే చెప్తానని ఆమెకు చెప్పాను. ఈ నోట్ ఆమెకు చదివి వినిపించాను."

ఆమె చెప్పింది, తను చూసింది, ఇద్దరూ చేసింది, తర్వాత జరగబోయేది. ఈ నాలుగూ విడివిడిగా కనిపిస్తున్నాయి. సత్యవతి తన జబ్బు గురించి చెప్పిన కథ ఇందులో లేదు. అది నాగమణి ఫైలులో ఉండాల్సింది కాదు. నిన్న వచ్చిన చుట్టాల పేర్లూ లేవు.

చేత్తో రాసే పుస్తకమైతే తప్పు పడినచోట ఒక్క గీత కొట్టి, పక్కన పొడి అక్షరాల సంతకం, తేదీ వేస్తారు. వైట్‌నర్ వాడరు. ఆ రోజు రాయలేకపోతే మర్నాడు రాసి "ఆలస్యంగా రాసినది" అని పెడతారు తప్ప పాత తేదీ వేయరు. సిగ్నల్ లేని లంకల్లో ఇంకో అలవాటు పుడుతుంది: పేజీ ఫోటో తీసి టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం. ఆ ఫోటో పదిమంది ఫోన్లలో, వాళ్ల ఇళ్లల్లో ఉండిపోతుంది. ఈ ఒక్క విషయంలో శిక్షణలో ఏ సడలింపూ ఉండకూడదని నా నమ్మకం.

అసలు రాయడమే తప్పనేవాళ్ల వాదన

పీర్ వర్కర్లు ఆస్పత్రి ఫైలులో రాయకూడదనే వాదన ఒకటి ఉంది, తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఫైలు పట్టుకుని కూర్చున్న క్షణంలోనే తోటిమనిషి ఆస్పత్రి మనిషి అయిపోతుందని వాళ్లంటారు. బలవంతంగా చేర్పించిన అనుభవం ఉన్నవాళ్లకు ఆ పుస్తకం చూస్తేనే భయం. రాయాల్సివస్తే, కలిసిన తేదీ, సమయం చాలంటారు.

రాయాలనేవాళ్ల వాదనా బలమైనదే. రాయకపోతే పీర్ వర్కర్ చేసిన పని ఎక్కడా కనపడదు, జీతం పెంచమని అడగడానికి ఆధారం ఉండదు. ఏదైనా జరిగితే "నువ్వు చెప్పలేదు" అనే మాట ఆమె మీదే పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చేతుల వణుకు గురించి నాగమణి సొంత మాటలు డాక్టరు ఫైలులోకి చేరే దారి అదొక్కటే కావచ్చు.

ఎదురుగా కూర్చుని, చదివి వినిపిస్తూ రాసే పద్ధతి ఈ రెంటికీ మధ్య పుట్టింది. దీనికీ ఇబ్బందులున్నాయి. కలిసే సమయంలో పది నిమిషాలు పోతుంది. ఇంట్లో ఎవరైనా వినే వీలుంటే బిగ్గరగా చదవడం కుదరదు. భర్త కొడుతున్నాడన్న సంగతి అదే ఇంట్లో కూర్చుని రాయడం ప్రమాదం. అలాంటప్పుడు బయటికొచ్చాక రాసి, మళ్లీ ఒంటరిగా కలిసినప్పుడు చూపిస్తారు.

కొబ్బరి బొండాం, పంటు, అప్పు

పుస్తకాల్లో హద్దులు పట్నం మనుషుల కోసం రాసినట్టుంటాయి: ఏమీ తీసుకోవద్దు, బయట కలవొద్దు. కోనసీమలో ఇంటికొచ్చిన మనిషికి బొండాం కొట్టివ్వకుండా పంపరు. వద్దంటే తప్పుపడతారు. అక్కడే తిని తాగేవి సరే, సంచిలో పెట్టి ఇచ్చేవీ డబ్బూ వద్దు అనే గీత ఇక్కడ సరిపోతుంది. ముఖ్యమైనది, ఆ గీత అందరు వర్కర్లకూ ఒకటే ఉండటం. ఒకరు పూతరేకుల పొట్లం తీసుకుని ఇంకొకరు వద్దంటే, వద్దన్నావిడకు పొగరు అనుకుంటారు.

సఖినేటిపల్లి రేవులో, జనాన్ని ఏరు దాటించే పంటు మీద ఎదురుపడితే? నలుగురిలో "మందులు వేసుకుంటున్నావా" అని అడగకూడదని అందరికీ తెలుసు. పలకరించకుండా మొహం తిప్పుకున్నా మనసు నొచ్చుకుంటుంది. అందుకని ముందే అడిగి పెట్టుకుంటారు: "బయట కనపడితే నేను పలకరించనా, నువ్వు పలకరిస్తేనే మాట్లాడనా? ఎవరైనా అడిగితే ఎలా తెలుసని చెప్దాం?"

అప్పు సంగతి ఇంకా కష్టం. రొయ్యల చెరువు దెబ్బతిన్న ఇంట్లో వెయ్యి రూపాయలు అడిగితే లేదనడం ఎవరికైనా బాధే. ఇస్తే తర్వాతి వారం నుంచి ఆమె తలుపు తీయకపోవచ్చు, తీర్చలేక. సత్యవతి కాదని చెప్పి, ఆ అడిగిన సంగతి సూపర్‌వైజర్‌తో పంచుకుంటుంది. నాగమణిని తప్పుపట్టడానికి కాదు, తను ఒంటరిగా మోయకుండా ఉండటానికి.

ఫోన్ విషయంలో సొంత నంబరు కాకుండా పని నంబరు ఇస్తారు, అది ఏ వేళల్లో పలుకుతుందో చెబుతారు. మిగతా వేళలకు 14416 రాసిస్తారు. అది 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఏరు దాటాక

ఆ రాత్రి సత్యవతికి నిద్ర పట్టలేదు. "ఇల్లంతా సర్దేశాను" అన్న మాట చెవిలో తిరిగింది. ఇరవై మూడేళ్ల వయసులో తనూ అలాగే రాత్రుళ్లు అంట్లన్నీ తోమి బోర్లించింది. ఆ తర్వాతే ఆస్పత్రి.

ఇతర ఉద్యోగులకు లేని ఇబ్బంది ఇదే. నర్సు తన పని బరువును మోస్తుంది. పీర్ వర్కర్ పని బరువుతోపాటు తన గతాన్నీ మోస్తుంది. స్నానం, నడక, పాటలు అని జాబితా ఇచ్చే పాఠం దీనికి చాలదు. తనకు జబ్బు తిరగబెట్టేముందు ఏం కనిపిస్తుందో శిక్షణలో రాయిస్తారు. సత్యవతి రాసుకున్నవి మూడు: వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, చెల్లెలి ఫోన్ ఎత్తకపోవడం, "నేను తప్ప ఆమెకు ఎవరూ లేరు" అనిపించడం. మూడోది జబ్బు గుర్తు మాత్రమే కాదు, హద్దు చెదురుతున్న గుర్తు కూడా. ఇవి కనపడితే ఎవరు ఆమెకు చెప్పాలో కూడా రాసి ఉంది. ఆ మనిషి చెల్లెలు.

ఈ కాగితం ఆఫీసులో ఉండాలా అన్నది తెగని ప్రశ్న. తెలిస్తేనే పని సర్దగలమని సూపర్‌వైజర్లు అంటారు. మిగతా ఉద్యోగులెవరినీ జబ్బు గుర్తులు రాసివ్వమని అడగరు, మమ్మల్నే ఎందుకు అని వర్కర్లు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. పూర్తి కాగితం సత్యవతి దగ్గరే ఉండి, పనికి సంబంధించిన నాలుగు లైన్లు మాత్రం ఆఫీసుకు ఇవ్వడం ఒక మధ్యేమార్గం: ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పని తగ్గిస్తే చాలు. ఒకరోజు దిగులుగా కనపడితే "మందులు వేసుకున్నావా" అని సహోద్యోగులు అడగకూడదన్నది కూడా రాసి ఉండాలి. సూపర్‌వైజర్ ఆమెకు డాక్టరు కాదు.

మర్నాడు సూపర్‌వైజర్ ఆమెను అడిగింది "నాగమణి ఎలా ఉంది" అని మాత్రమే కాదు. "ఆ ఇంట్లోంచి నీతో ఏం వచ్చింది?" అని అడిగింది. సత్యవతి అంట్ల సంగతి చెప్పింది. ఆ వారం ఏరు దాటి వెళ్లే ఇళ్లు మూడు నుంచి రెండుకు తగ్గించారు, నాగమణి ఇల్లు మాత్రం ఆమె అడిగి ఉంచుకుంది. ఈ మాటలు నాగమణి ఫైలులోకి వెళ్లవు. అవి సూపర్‌విజన్ రిజిస్టర్‌లో, వేరే బీరువాలో ఉంటాయి.

మళ్లీ పుస్తకం తెరిచినప్పుడు

వారం తర్వాత సత్యవతి వెళ్లి కిందటిసారి రాసింది చదివి వినిపించింది. క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి మోతాదు మార్చారు, నిద్ర అయిదు గంటలకు వచ్చింది. నాగమణి విని, "కుడిచెయ్యి వణకడం చూశానని రాశావు, అది కొట్టెయ్యక్కా" అంది.

రాసింది నిజం కాబట్టి కొట్టేయడం కుదరదు. అత్తగారికి ఆ పుస్తకం చూసే హక్కు లేదని సత్యవతి ముందు చెప్పింది. తర్వాత ఆ రోజు తేదీ వేసి, కింద నాగమణి చెప్పినట్టే రాసింది: "వణుకు గురించి రాయడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు తగ్గింది. గ్లాసు పట్టుకోగలుగుతున్నాను." నాగమణి పెన్ను తీసుకుని పక్కన తన సంతకం పెట్టింది.